ఐస్ రెండుసార్లు, రొయ్య రెండుసార్లు: చేతిరాత జాతీయాదాయం లెక్కను సరిచూడటం ఎలా

జాతీయాదాయం లెక్కలో మాధ్యమిక వస్తువుల విలువ రెండోసారి చేరిపోతే, ఆ తప్పు కూడికలో కనిపించదు. అంకెలన్నీ ప్రశ్నలో ఇచ్చినవే ఉంటాయి, మొత్తమూ సరిగ్గానే వస్తుంది. కాలిక్యులేటర్‌తో ఎన్నిసార్లు చూసినా అదే జవాబు. కాబట్టి కూడిక మళ్ళీ చేసి లాభం లేదు. ఏ సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో కాగితం మీద పెట్టుకుని చూడాలి. ఇంటర్, డిగ్రీ పేపర్లు దిద్దేవాళ్ళకీ, పరీక్షకి ముందు తమ లెక్క తామే సరిచూసుకునే విద్యార్థులకీ పనికొచ్చేలా, ఒకే ఒక్క లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ చూద్దాం.

లెక్క మన విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టూ అల్లినది. అంకెలు నిజమైన గణాంకాలు కావు, లెక్క కోసం అనుకున్నవి. అన్నీ లక్షల రూపాయల్లో ఉన్నాయి. దేశం మొత్తంలో ఉత్పత్తి చేసేవాళ్ళు ముగ్గురే అనుకోండి: వేట పడవలవాళ్ళు, ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్.

పడవలవాళ్ళు ఏడాదిలో 400 విలువైన రొయ్యలు, చేపలు పట్టారు. అందులో 300 ప్లాంట్‌కు వెళ్ళింది, మిగతా 100 ఇళ్ళవాళ్ళు నేరుగా కొనుక్కున్నారు. ఐస్ ఫ్యాక్టరీ 100 విలువైన ఐస్ తయారు చేసి 50 పడవలకు, 40 ప్లాంట్‌కు, 10 ఇళ్ళలో శుభకార్యాలకు అమ్మింది. ప్లాంట్ ఉత్పత్తి విలువ 560. అందులో 500 ఎగుమతి, 50 స్థానికంగా ఇళ్ళకు అమ్మకం, ఏడాది చివర అమ్ముడుపోకుండా కోల్డ్ స్టోరేజీలో మిగిలిన నిల్వ 10. ముగ్గురిదీ కలిపి తరుగుదల 85. విదేశాల నుంచి నికర కారక ఆదాయం మైనస్ 15. పరోక్ష పన్నులు, సబ్సిడీలు లేవు.

విద్యార్థి కాగితం మీద ఇలా రాసి ఉంది:

```
పడవలు                      400
ఐస్ ఫ్యాక్టరీ                 100
ప్లాంట్                      560
స్థూల దేశీయోత్పత్తి           1060
(-) తరుగుదల                 85
నికర దేశీయోత్పత్తి            975
(-) నికర కారక ఆదాయం        15
జాతీయాదాయం                960
```

చేతిరాత చక్కగా ఉంది, గీతలు స్కేలుతో గీసి ఉన్నాయి, మైనస్ 15ని మర్చిపోకుండా తీసేశాడు. చూడగానే టిక్ పెట్టాలనిపించే పేజీ ఇది. కానీ జవాబు 390 ఎక్కువ.

ముందు అంకెలు దించడం చూడండి

తప్పు ఏమిటో తోచినా సరే, నేరుగా దాని మీదకి వెళ్ళకండి. ముందు ప్రశ్నలోని ప్రతి అంకెనీ విద్యార్థి కాగితంలో వెతికి, మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టండి. చేతిరాతలో 1, 7 ఒకలాగే కనిపించవచ్చు, 0కి తోక వస్తే 6 అవుతుంది. వీటికంటే ఇబ్బంది పెట్టేది పక్కపక్క అంకెలు తారుమారవడం. 560ని 650 అని దించుకుంటే 90 తేడా వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. ఖాతాలు రాసేవాళ్ళకి ఈ గుర్తు బాగా తెలుసు.

ఇది ముందే ఎందుకు చూడాలంటే, మన లెక్కలో పడవలు, ప్లాంట్ కొన్న ఐస్ మొత్తం కూడా 90యే. రొయ్యలు తీసేసి ఐస్ తీయడం మర్చిపోయిన విద్యార్థికి స్థూల దేశీయోత్పత్తి 760 వస్తుంది. మాధ్యమిక వస్తువులన్నీ సరిగ్గా తీసేసి, 560ని మాత్రం 650గా దించుకున్న విద్యార్థికీ 760యే వస్తుంది. మొదటివాడికి విషయం అర్థం కాలేదు, రెండోవాడి చెయ్యి మాత్రమే జారింది. ఇద్దరికీ ఒకేలా మార్కులు కోస్తే అన్యాయం. టిక్‌లు పెట్టుకుంటూ వెళ్తే ఈ ఇద్దరూ మొదట్లోనే వేరుపడతారు.

యూనిట్లు కూడా ఈ దశలోనే చూసేయండి. ఒక వరస లక్షల్లో, ఇంకో వరస కోట్లలో ఉంటే ఆ తర్వాత ఏం చేసినా వృథా.

ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు: పట్టిక గీయండి

అసలు పని ఇదే, దీనికి తీరిగ్గా సమయం ఇవ్వండి. విద్యార్థి అంకెల మీద ఏమీ రాయకండి, వేరే కాగితం తీసుకోండి. అడ్డు వరసల్లో అమ్మినవాళ్ళు, నిలువు వరసల్లో కొన్నవాళ్ళు. చివర్లో అంతిమ వినియోగానికి ఒక నిలువు వరస ఉండాలి. ఇళ్ళవాళ్ళ కొనుగోలు, ఎగుమతి, పెట్టుబడి, మిగిలిన నిల్వ అన్నీ అందులోకే వెళ్తాయి.

| అమ్మినవారు | పడవలకు | ఐస్ ఫ్యాక్టరీకి | ప్లాంట్‌కు | అంతిమ వినియోగానికి | మొత్తం |
|---|---|---|---|---|---|
| పడవలు | 0 | 0 | 300 | 100 | 400 |
| ఐస్ ఫ్యాక్టరీ | 50 | 0 | 40 | 10 | 100 |
| ప్లాంట్ | 0 | 0 | 0 | 560 | 560 |
| మొత్తం | 50 | 0 | 340 | 670 | 1060 |

అడుగు వరస చూడండి. విద్యార్థి రాసిన 1060 కుడిచివర అలాగే ఉంది, కానీ ఇప్పుడు అది రెండు ముక్కలుగా విడిపోయింది. ఉత్పత్తిదారులు ఒకరి దగ్గర ఒకరు కొన్నది 50, 340 కలిపి 390. అంతిమంగా వాడకానికి వెళ్ళింది 670. దేశీయోత్పత్తిలోకి రావలసింది ఈ 670 మాత్రమే. ఆ 390 విలువ వేరేచోట ఈపాటికే లెక్కలోకి వచ్చేసింది. ప్లాంట్ ఎగుమతి చేసిన 500లో రొయ్య ధర ఉంది, ఐస్ ధర ఉంది. వాటిని పడవల వరసలో, ఐస్ వరసలో మళ్ళీ కూడితే అదే రొయ్య రెండుసార్లు ఉత్పత్తి అయినట్టు లెక్క వస్తుంది.

నిజానికి పడవల మీద వాడిన ఐస్‌లో కొంత భాగం మూడుసార్లు పడింది. ఐస్ ఫ్యాక్టరీ 100లో ఒకసారి, పడవల 400లో ఒకసారి, ఆ రొయ్యల్లో నాలుగింట మూడొంతులు ప్లాంట్‌కి వెళ్ళాయి కాబట్టి ప్లాంట్ 560లో ఇంకోసారి. మధ్యలో చేతులు ఎన్ని ఎక్కువైతే తప్పు అంత ఉబ్బుతుంది. అలాగని ఐస్ విలువ ఎక్కడెక్కడ దాగి ఉందో వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ప్రతి దశలో ఆ సంస్థ బయట కొన్నది తీసేస్తే చాలు, అన్ని పొరలూ వాటంతటవే పోతాయి.

ముగ్గురూ తమ వంతుగా చేర్చింది ఎంత?

ఒక్కో సంస్థ ఉత్పత్తి విలువలోంచి అది కొన్న మాధ్యమిక వస్తువుల విలువ తీసేయండి. మిగిలేది వాల్యూ యాడెడ్, అంటే ఆ సంస్థ కొత్తగా చేర్చిన విలువ.

```
పడవలు         400 - 50  = 350
ఐస్ ఫ్యాక్టరీ    100 - 0   = 100
ప్లాంట్         560 - 340 = 220
మొత్తం                    670
```

పట్టికలో అంతిమ వినియోగం వరస మొత్తం 670, ఇక్కడ చేర్చిన విలువల మొత్తమూ 670. ఈ రెండూ కలవకపోతే ముందుకు వెళ్ళకండి, పట్టికలోనే ఏదో గడి తప్పు పడింది.

ప్రశ్నలో కారక ఆదాయాలు కూడా ఇచ్చి ఉంటే మూడో వైపు నుంచీ చూడొచ్చు. మన ముగ్గురు కలిసి కళాసీలకీ పనివాళ్ళకీ ఇచ్చింది 355, అద్దె 20, వడ్డీ 75, యజమానుల లాభం 135 అనుకోండి. మొత్తం 585. దీనికి తరుగుదల 85 కలిపితే మళ్ళీ 670. ఈ వైపు నుంచి వచ్చే సాక్ష్యం గట్టిది, ఎందుకంటే జీతం, అద్దె, వడ్డీ, లాభాల్లో ఐస్ బిల్లుకి చోటే లేదు. ఐస్ కొన్న డబ్బు ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ జీతాలుగా, లాభంగా మారి అక్కడ ఒకేసారి కనిపిస్తుంది. అందువల్ల ఆదాయాల వైపు లెక్క కన్నా ఉత్పత్తి వైపు లెక్క చాలా ఎక్కువగా తేలితే, నేను ముందు అనుమానించేది మాధ్యమిక వస్తువులనే.

తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది

పూర్తిగా మర్చిపోయిన పేజీలు దిద్దడం సులువు. సగం గుర్తొచ్చి సగం సరిచేసిన పేజీలే చిక్కు. కొట్టివేతలు ఉంటాయి, పక్కన బాణం గుర్తులు ఉంటాయి, మధ్యలో ఏం చేశాడో అర్థం కాదు. అప్పుడు విద్యార్థి రాసిన స్థూల దేశీయోత్పత్తిలోంచి 670 తీసేసి, ఆ తేడాని పట్టికలోని గడులతో పోల్చండి.

తేడా 390 అయితే ఏదీ తీయలేదు. 50 అయితే, అంటే జవాబు 720 వస్తే, ప్లాంట్ కొన్నవన్నీ తీశాడు కానీ పడవలు కొన్న ఐస్ వదిలేశాడు. ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. ముడిసరుకు అనగానే తయారైన సరుకులో కనిపించే రొయ్య గుర్తొస్తుంది. కరిగిపోయే ఐస్, మండిపోయే డీజిల్, మీటరులో తిరిగే కరెంటు గుర్తురావు. సరుకులో కనిపించినా కనిపించకపోయినా, ఏడాదిలో వాడి ఖర్చు చేసేస్తే అది మాధ్యమిక వినియోగమే.

జవాబు 670 కంటే తక్కువగా ఉంటే తప్పు రెండో వైపుకి వెళ్ళిందన్నమాట. 280 వచ్చిందంటే విద్యార్థి అంతిమ వస్తువుల విలువ 670 సరిగ్గా పట్టుకుని, దానిలోంచి మళ్ళీ 390 తీసేశాడు. అంతిమ వస్తువుల పద్ధతి వాడినవాళ్ళు మాధ్యమిక వస్తువుల్ని అసలు తీయకూడదు, ఎందుకంటే వాటిని ముందే వదిలేశారు. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని దానితోనే చివరిదాకా వెళ్ళాలి.

660 వస్తే రెండు దారులున్నాయి. ఇళ్ళవాళ్ళు కొన్న 10 ఐస్‌ని మాధ్యమికం అనుకుని తీసేసి ఉండొచ్చు, లేదా ప్లాంట్‌లో మిగిలిన 10 నిల్వని అమ్మలేదు కదా అని వదిలేసి ఉండొచ్చు. తేడా ఒకటే కాబట్టి ఇక్కడ అంకె మీకు సాయం చేయదు. ప్లాంట్ వరస చూడండి. 550 అని ఉంటే నిల్వ పోయింది, 560 అలాగే ఉంటే ఐస్ పోయింది.

ఏది మాధ్యమికం అన్న దగ్గర వచ్చే తగాదాలు

వస్తువు పేరు చూసి నిర్ణయించకండి. పడవ ఎక్కిన ఐస్ మాధ్యమికం, ఇంట్లో శుభకార్యానికి తెచ్చిన ఐస్ అంతిమం. రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజు గడ్డకట్టినవి కావచ్చు. ఎవరు, దేనికి వాడారన్నదే ప్రశ్న. విద్యార్థి ప్రశ్నపత్రంలో ఐస్ అన్న మాట కనపడిన ప్రతిచోటా గీత కొట్టుకుంటూ పోయి ఉంటే, 660 అలా వచ్చిందే.

క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఎగుమతి చేసిన రొయ్యని అక్కడ హోటల్‌వాళ్ళు వండి అమ్ముతారు కదా, అప్పుడది మాధ్యమికం కాదా?" మంచి ప్రశ్న. అక్కడి హోటల్‌కి అది మాధ్యమికమే, వాళ్ళ దేశం లెక్కలో దాన్ని తీసేస్తారు. మన లెక్క మాత్రం మన సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఇంకే దేశీయ ఉత్పత్తిదారు విలువలోనూ అది మళ్ళీ కనిపించదు కాబట్టి మనకది అంతిమం. 500 మొత్తం ఉండాల్సిందే.

దిగుమతి దీనికి ఎదురు. పైన మనం అనుకోలేదు గానీ, ప్లాంట్ 20 విలువైన ప్యాకింగ్ సామాను విదేశాల నుంచి కొన్నదనుకోండి. అది మాధ్యమికమే, ప్లాంట్ విలువలోంచి తీసేయాలి. అప్పుడు ప్లాంట్ చేర్చింది 200, మొత్తం 650. అయితే దాన్ని తయారు చేసినవాడు మన ముగ్గురిలో లేడు కాబట్టి ఇక్కడ అది రెండుసార్లు పడిందని కాదు, మన దేశానిది కానిది మన లెక్కలో పడిందని తీస్తున్నాం. అంతిమ వినియోగం వైపు చూస్తే 670లోంచి దిగుమతి 20 తీసేయాలి, అక్కడా 650యే. ఇలాంటి ప్రశ్నలో రెండు వైపుల మొత్తాల మధ్య సరిగ్గా 20 తేడా కనిపిస్తే, దిగుమతిని ఒకవైపు తీసి రెండోవైపు మర్చిపోయారని అనుమానించండి.

పడవకి కొత్త ఇంజిన్ కొంటే? అది ఒక్క ఏడాదిలో అయిపోయేది కాదు, కాబట్టి పెట్టుబడి వస్తువు, అంతిమ వినియోగంలోకే వెళ్తుంది. దాని అరుగుదల తరుగుదలగా తర్వాత తీస్తాం. ఇంజిన్ ధరని మాధ్యమికంగా ఒకసారి, తరుగుదలగా ఇంకోసారి తీసేస్తే ఈసారి తీసివేత రెండుసార్లు పడినట్టు. చేతిరాత లెక్కల్లో దీన్ని తేలిగ్గా దాటేస్తారు. తరుగుదల పక్కనే ఇంజిన్ ధర కనిపిస్తే అక్కడ ఆగండి.

కిందికి దిగుతూ సరిచేయండి

ఇప్పుడు 670 నుంచి మొదలుపెట్టి వరసగా రాయండి. తరుగుదల 85 తీస్తే 585. నికర కారక ఆదాయం మైనస్ 15 కాబట్టి 570. పరోక్ష పన్నులు, సబ్సిడీలు లేవని ప్రశ్నే చెప్పింది, అందువల్ల మార్కెట్ ధరల్లోనూ కారక ధరల్లోనూ ఇదే అంకె. జాతీయాదాయం 570.

విద్యార్థి రాసిన 960కీ 570కీ తేడా మళ్ళీ 390యే. 1060కీ 670కీ, 975కీ 585కీ మధ్యా అంతే. ఒకే తేడా పైనుంచి కింది దాకా మారకుండా వచ్చిందంటే తప్పు మొదటి మెట్టులోనే జరిగింది, తర్వాతి మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. మధ్యలో తేడా మారి ఉంటే అక్కడ రెండో తప్పు ఉన్నట్టు. ఉదాహరణకి చివర్లో తేడా 420 అయితే, 15ని తీయడానికి బదులు కలిపేశాడు, జవాబు 990 రాశాడు. 15 తీయాల్సిన చోట కలిపితే 30 తేడా వస్తుంది.

ఒక పాత పుస్తకం చూసి దిద్దుతున్నవాళ్ళకి ఓ మాట. మన కేంద్ర గణాంక కార్యాలయం 2015 జనవరిలో 2011-12 ఆధార సంవత్సరంతో కొత్త సిరీస్ తెచ్చినప్పుడు, కారక ధరల్లో స్థూల దేశీయోత్పత్తిని ప్రధాన అంకెగా ఇవ్వడం మానేసి, మూల ధరల్లో స్థూల చేర్చిన విలువను, మార్కెట్ ధరల్లో స్థూల దేశీయోత్పత్తిని ఇవ్వడం మొదలుపెట్టింది. పరీక్ష లెక్కల్లో కారక ధరలు ఇంకా కనిపిస్తాయి. పన్నులున్న లెక్కలో విద్యార్థి జవాబుకీ మీ జవాబుకీ తేడా సరిగ్గా నికర పరోక్ష పన్నులంతే ఉంటే, మాధ్యమిక వస్తువుల జోలికి వెళ్ళకముందు ప్రశ్న ఏ ధరల్లో అడిగిందో చదవండి.

మార్కుల దగ్గర నేను పాటించేది ఇది. మొదటి మెట్టు తప్పుకి అక్కడే కోసేసి, తరుగుదల, కారక ఆదాయం మెట్లకి పూర్తి మార్కులు ఇస్తాను, ఎందుకంటే తన దగ్గరున్న అంకెతో అతను సరైన పనే చేశాడు. కాగితం మీద 1060ని కొట్టేసి 670 అని మాత్రమే రాయను. 400 పక్కన "ఐస్ 50 తీయాలి" అని, 560 పక్కన "రొయ్య 300, ఐస్ 40 తీయాలి" అని రాసి, కింద 390 అని గుండ్రం చుడతాను. మైనస్ 15 దగ్గర మామూలుగా టిక్ పెట్టి పేజీ తిప్పేస్తాను.